పద్దులో నేను చేసిన పొరపాటు

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వేలో చేరాకే నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

రిటైరయ్యాక బాబ్లీలో ఉంటున్నాను. సోయా కోతలకి బాసర వైపు నుంచి మన తెలుగువాళ్ళు వస్తారు. ఇక్కడి రైతు మరాఠీ, వాళ్ళు తెలుగు. మధ్యలో మాట్లాడి లెక్క చూడమని నన్ను పిలిచారు. గుమాస్తాగా చేసినవాడిని, ఇదేం లెక్క అనుకున్నాను.

ఆరెకరాలు, ఎకరం మూడు వేలకి గుత్త, మొత్తం 18,000. సోయా కాయ ఎండితే ఎండకి చిట్లి గింజ రాలిపోతుంది, అందుకని మంచు ఆరకముందే మొదలుపెట్టి మూడు రోజుల్లో ముగించారు. పదిమందిలో ఎనిమిదిమంది మూడు రోజులూ వచ్చారు. ఒకామె రెండు రోజులు, ఇంకొకాయన ఒకటిన్నర. అంటే 27.5 హాజరీలు. ఆటోకి 1,500 పోతే 16,500 మిగలాలి, హాజరీకి 600.

కానీ మొదటిరోజే ఒకాయన రైతు దగ్గర వెయ్యి అడ్వాన్సు తీసుకున్నాడు. రైతు ఆఖర్న 17,000 ఇచ్చాడు. నేను చేతికొచ్చిన దాంట్లోంచే ఆటో ఖర్చు తీసి పంచేశాను. మూడు రోజులు చేసినవాళ్ళకి 1,691 చొప్పున వచ్చింది.

ఒక పెద్దామె డబ్బులు లెక్కపెట్టి, "అయ్యా, మా పద్దెనిమిది వందలు ఏవీ?" అంది. చదువు లేదు, వేళ్ళమీదే లెక్క. నేను పద్దు పుస్తకం తీసి చూపించాను. అందులో పేర్లన్నీ తమిళంలో ఉన్నాయి! చూపించి ఏం లాభం? నేనే నొక్కేశానని వాళ్ళు అనుకుని ఉంటారు.

రాత్రి మళ్ళీ వేసుకుంటే తెలిసింది. అడ్వాన్సు ఆ మనిషి వాటాలో విరగాలి, ముఠా మొత్తంలో కాదు. వెయ్యి కలిపి 16,500 చేయలేదు కాబట్టి అతనికి 2,691 ముట్టింది, రావాల్సింది 1,800. ఆ 891 రూపాయలు మిగతా తొమ్మిదిమందివి. పొద్దున్నే నా జేబులోంచి సర్దాను. అతను రెండు కోతల్లో తీర్చాడు, పాపం అతని తప్పేమీ లేదు.

చెరకు నరికే ముఠాల్లో భార్యాభర్తలని కలిపి ఒక కోయ్తాగా రాస్తారు, ఆడమనిషికి వేరే లెక్కే ఉండదు. నేను ఆ పద్ధతి పెట్టలేదు. పేరు పక్కన రోజుకో నిలువు గీత, సగం రోజుకి సగం గీత, అడ్వాన్సుకి చుట్టూ సున్నా. సాయంత్రం పని దిగేటప్పుడు ఎవరి గీత వాళ్ళ ఎదుటే గీస్తాను. నా మేస్త్రీ కూలి రైతు దగ్గర విడిగా మాట్లాడుకుంటాను.

మొన్న కోతలో ఆ పెద్దామె నా పుస్తకం లాక్కుని, "నిన్న నాది సగమే, పూర్తి గీశావు" అని చెరిపించింది.