ఎర్ర చీర అంచు దగ్గర తేలిన లెక్క

నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసుంది. చేనేత బట్టలు, ఇంటి సామాన్లు అమ్మే సైట్లకు ఫొటోలు తయారు చేసిపెట్టడం మా టీము పని. ఫొటో తీయడం కాదు. తీసిన ఫొటోను, చూసేవాళ్లకు తేడా తెలియకుండా, ఎంత తక్కువ కేబీల్లో పంపగలమో తేల్చడం. చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. "జేపెగ్ కంటే వెబ్‌పీ చిన్నది, ఏవీఐఎఫ్ ఇంకా చిన్నది" అని మాదాపూర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా వినిపిస్తుంది. నిజమే. కానీ "ఏ నాణ్యత దగ్గర?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. మొదట్లో నా దగ్గరా లేదు.

2018లో ఒక చీరల సైటు మొత్తాన్ని వెబ్‌పీలోకి మార్చాను. జేపెగ్‌లో క్వాలిటీ 80 ఉంటే వెబ్‌పీలోనూ 80 పెట్టాను. సైజులు బాగా పడిపోయాయి. ఆ పట్టిక పట్టుకుని మా సీనియర్ దగ్గరికి వెళ్లాను. ఆమెను అందరం అక్క అనేవాళ్లం. ఆమె పట్టిక చూడనేలేదు. "రెండింట్లోనూ 80 అంటే ఒకటేనని నీకెవరు చెప్పార్రా?" అంది. జేపెగ్‌లో ఆ అంకె క్వాంటైజేషన్ పట్టికను ఎంత మొరటుగా పెట్టాలో చెబుతుంది. వెబ్‌పీలో ఆ అంకె వీపీ8 అనే వీడియో కోడెక్ సెట్టింగులకు కొలత. నేను 80 సేర్లనూ 80 కిలోలనూ పక్కపక్కన పెట్టి ఏది చవకో తేల్చానన్నమాట.

అందుకే నా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట ఇదే చెబుతాను. రెండు ఫార్మాట్లను పోల్చేటప్పుడు క్వాలిటీ అంకెను కలపొద్దు, కంటికి కనిపించేదాన్ని కలపండి. అది కలిశాకే కేబీలు చూడండి.

కంటికి కనిపించేదాన్ని కొలవడానికి అప్పట్లో మేం ఎస్‌ఎస్‌ఐఎం వాడాం. మూలానికీ కుదించినదానికీ పోలిక ఎంతో చెప్పే కొలత. రెండు ఫార్మాట్లలోనూ ఆ స్కోరు సమానమయ్యేలా క్వాలిటీ అంకెలు సర్దాను. వెబ్‌పీ అప్పుడూ గెలిచింది, తేడా తక్కువైనా. ఈసారి అక్క కూడా సరేనంది. ఫొటోలు సైటు మీదికి ఎక్కాయి.

రెండు వారాలకు పోచంపల్లి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మా సైటు మీది ఒక ఎర్ర ఇక్కత్ చీర నేసింది ఆయనే. "గిది నేసిన చీర లెక్క లేదు బిడ్డా, అచ్చు కొట్టిన చీర లెక్కుంది" అన్నాడు. మొదట నాకర్థం కాలేదు. స్క్రీన్ మీద అసలు ఫొటోనూ వెబ్‌పీనీ ఒకే చోట పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి ఆడించి చూశాను. అప్పుడు కనబడింది.

ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, ఆ తర్వాత నేస్తారు. అందువల్ల డిజైను అంచులు గీత గీసినట్టు ఉండవు. ఒక పోగు కొంచెం ముందుకు, ఒక పోగు కొంచెం వెనక్కు జరిగి, ఈకల్లా ఉంటాయి. అచ్చు చీరకు అది రాదు. కొనేవాళ్లు ఫొటోను పెద్దది చేసి చూసేది ఆ ఈకల కోసమే. మా వెబ్‌పీలో ముదురు ఎరుపు, నలుపు కలిసే చోట ఆ ఈకలు కరిగిపోయి మెత్తటి మచ్చ మిగిలింది.

ఎందుకు? జేపెగ్ అయినా వెబ్‌పీ అయినా ఫొటోను ముందు వెలుగు, రంగు అని విడదీస్తుంది. కన్ను వెలుగులోని సన్నని తేడాలను పట్టినంతగా రంగులో తేడాలను పట్టదు. అందుకని రంగును అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాస్తారు. నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు. దీన్ని 4:2:0 అంటాం. మామూలు ఫొటోకు ఇది ఎవరికీ తెలియదు. కానీ వెలుగు లెక్కలో ఎరుపు వాటా 30 శాతమే. ముదురు ఎరుపు పోగు పక్కన నల్ల పోగుంటే రెండింటి మధ్య వెలుగు తేడా కొంచెమే, అసలు తేడా అంతా రంగులోనే ఉంటుంది. దాన్నే మేం సగం చేసి పారేశాం. పైగా మేం వాడిన ఎస్‌ఎస్‌ఐఎం వెలుగును మాత్రమే చూసేది. రంగు పాడైన సంగతి దానికి తెలిసే దారే లేదు. అది అంకె చేసిన తప్పు కాదు, అది దేన్ని చూస్తుందో మేం అడగలేదు.

జేపెగ్‌లో ఈ సగం చేయడాన్ని ఆపొచ్చు, 4:4:4 అని పెడితే చాలు. లాసీ వెబ్‌పీలో ఆపే వీలు లేదు. `-sharp_yuv` అని ఒక ఆప్షన్ ఉంది, అంచుల దగ్గర కొంత మేలు చేస్తుంది, పోయిన రంగును మాత్రం తిరిగి తేలేదు. ఏవీఐఎఫ్‌లో ఆపొచ్చు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు అంత కాలం పట్టిందని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు మేం చేసే పద్ధతి చెబుతాను. ముందు మూలం. ఫొటోగ్రాఫర్ దగ్గరి రా ఫైలు నుంచి తీసిన పీఎన్‌జీ కావాలి. వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్ పనికిరాదు. జేపెగ్ ఫొటోను 8×8 పిక్సెళ్ల గడులుగా కోస్తుంది, గట్టిగా నొక్కితే ఆ గడుల అంచులు ఫొటోలో ఉండిపోతాయి. కొత్త ఫార్మాట్ ఆ మరకలను కూడా అసలు బొమ్మే అనుకుని, జాగ్రత్తగా కాపాడటానికి కేబీలు తగలేస్తుంది. గడుల మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పాలి. ఆ గడిలోని 64 పిక్సెళ్లను అలల మొత్తంగా మార్చే లెక్కను డీసీటీ అంటారు. దాన్ని 1974లో ప్రచురించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహన రావు. టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు పాఠం చెప్పారు. 1992 నాటి జేపెగ్ ప్రమాణం ఆ లెక్క మీదే నిలబడింది. పాత ఫార్మాట్ అని జేపెగ్‌ను ఎవరైనా చులకన చేస్తే నేనీ మాట గుర్తుచేస్తాను.

రెండోది, జేపెగ్‌కు న్యాయం చేయాలి. కెమెరా ఇచ్చిన జేపెగ్‌తో పోలిస్తే ఏ కొత్త ఫార్మాట్ అయినా గెలుస్తుంది. మొజిల్లా వాళ్ల మోజ్‌జేపెగ్‌తో చేసిన జేపెగ్‌ను పోటీకి పెట్టండి. బిట్లు ఎక్కడ ఖర్చు పెట్టాలో అది మరింత వెతికి చేస్తుంది, అదే నాణ్యతకు ఫైలు చిన్నదవుతుంది.

మూడోది కొలత. మేం ఇప్పుడు వాడేది సిములాక్రా 2. రంగును కూడా చూస్తుంది. స్కోరు 90 దాటితే రెండు ఫొటోలను ఒకే చోట ఆడించి చూసినా తేడా తెలియదని, 80 దగ్గర పక్కపక్కన పెట్టి చూస్తే మామూలు మనిషికి తేడా తెలియదని, 70 అయితే బాగుందనిపిస్తుందని దాని లెక్క. చీరలకు 80 మా గీత. ఒక ప్రయత్నం ఇలా ఉంటుంది:

```
avifenc -q 68 -s 4 -y 444 cheera.png cheera.avif
avifdec cheera.avif vippina.png
ssimulacra2 cheera.png vippina.png
```

స్కోరు 80కి తక్కువైతే `-q` పెంచాలి, ఎక్కువైతే తగ్గించాలి. ప్రతిసారీ మిగిలిన మేరను సగం చేస్తూ పోతే ఆరేడు ప్రయత్నాల్లో గీత మీద నిలుస్తుంది. వెబ్‌పీకి, మోజ్‌జేపెగ్‌కు కూడా ఇదే తంతు. మూడూ 80 దగ్గర నిలిచాక అప్పుడు `ls -l`.

ఆ ఎర్ర చీరనే మళ్లీ మూలం తెప్పించి ఇలా చేశాం. 1200×1600 సైజులో మోజ్‌జేపెగ్ 4:4:4 తో 486 కేబీ వచ్చింది. ఏవీఐఎఫ్ 361. నాలుగో వంతు ఆదా. వెబ్‌పీ క్వాలిటీ 100 దాకా పోయినా 78 దగ్గరే ఆగింది, గీతను అందుకోలేకపోయింది. అంటే ఏ సైటులో అది మాకు ఆదా చేసిందనుకున్నానో ఆ సైటులోని ఎర్ర చీరలకు అది అసలు పోటీలోనే లేదు.

అంతమాత్రాన వెబ్‌పీని తీసిపారేయకండి. అదే వారం దుర్గం చెరువు మీద తీగల వంతెన ఫొటో ఒకటి చేశాం, సాయంత్రం వెలుగులో తీసింది. అదే గీతకు మోజ్‌జేపెగ్ 204 కేబీ, వెబ్‌పీ 161, ఏవీఐఎఫ్ 127. ఇక్కడ 4:2:0 వల్ల ఏమీ పోలేదు. కానీ స్కోరు కుదిరినా ఆకాశాన్ని కంటితో చూడాలి. వెబ్‌పీ ఆకాశంలో నారింజ నుంచి నీలానికి మారే చోట మెట్లు పడ్డాయి. ఏవీఐఎఫ్‌కు `-d 10` ఇచ్చి పది బిట్లలో చేస్తే ఆ మెట్లు పోయాయి.

ఏవీఐఎఫ్ తప్పు వేరే తరహాలో ఉంటుంది. జేపెగ్‌ను గట్టిగా నొక్కితే గడులు కనబడతాయి, పాడైందని ఎవరికైనా తెలుస్తుంది. ఏవీఐఎఫ్‌ను నొక్కితే సన్నని నేత, చర్మం మీది గీతలు చప్పుడు చేయకుండా నున్నగా అయిపోతాయి. పాడైన ఫొటో కూడా శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే మా దగ్గర మూలం పక్కన లేకుండా ఏవీఐఎఫ్‌ను ఎవరూ ఓకే చేయకూడదు. ఇంకొకటి, నెట్ నిదానంగా ఉన్న ఫోనులో ప్రోగ్రెసివ్ జేపెగ్ మసకగా మొదలై క్రమంగా తేరుకుంటుంది, ఏవీఐఎఫ్ మాత్రం సాధారణంగా మొత్తం దిగాకే కనబడుతుంది. అందుకని పేజీ పైభాగంలో వచ్చే పెద్ద ఫొటో విషయంలో 15 శాతం లోపు ఆదాకు నేను ఏవీఐఎఫ్ పెట్టను.

మూలం దొరకని పాత జేపెగ్‌లు మా దగ్గర వేలల్లో ఉన్నాయి. వాటిని తిరిగి నొక్కడం లేదు. జేపెగ్ ఎక్స్‌ఎల్ ఉన్న జేపెగ్‌ను ఒక్క పిక్సెల్ మారకుండా సుమారు 20 శాతం చిన్నది చేస్తుంది, కావాలంటే అదే ఫైలును బైటుతో సహా వెనక్కిస్తుంది. దాచుకోవడానికి అది వాడుతున్నాం. సఫారీ 2023లో దాన్ని తీసుకుంది. క్రోమ్ 2022లో వద్దని ప్రకటించింది కాబట్టి సైటు మీదికి మాత్రం జేపెగ్‌గానే పంపుతున్నాం.

చీర ఫొటో కొత్తది ఎక్కాక పోచంపల్లి వెళ్లాను. పెద్దాయన మగ్గం గుంటలో కూర్చునే నా ఫోను తీసుకుని, రెండు వేళ్లతో అంచును పెద్దది చేసుకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు. నల్ల పువ్వు రెక్క దగ్గర ఎరుపు ఒక పోగు మేర లోపలికి దిగింది. "ఈడ ముడి వదులైంది" అన్నాడు, కొడుకును పిలిచి చూపిస్తూ.