అవ్వకి ఉన్నది ఒక్కటే ఫొటో, మాకు కావాల్సింది ఆరు ముఖాలు



మన గ్రూపుల్లో తిరిగే స్టిక్కర్లు చూడండి. నవ్వాలన్నా, ఏడవాలన్నా, తిట్టాలన్నా బ్రహ్మానందం గారే. మనోళ్ల ముఖం ఒక్కటీ లేదు. అందుకే మా హాస్టల్ రూమోళ్లం నలుగురం కలిసి, మాలో ఒకడి అవ్వ ముఖంతో స్టిక్కర్లు చేసినం. అవ్వది చర్ల వైపు ఊరు. బ్రహ్మానందం గారికంటే వందల సినిమాలున్నయి, ఏ ముఖం కావాలంటే ఆ ముఖం దొరుకుతది. అవ్వకి ఉన్నది ఒక్క పాస్‌పోర్ట్ ఫొటో, అందులో నవ్వు లేదు.

ఫోన్‌లో ఐబిస్ పెయింట్ తెరిచి, వాట్సాప్ స్టిక్కర్ కొలత 512 × 512 పిక్సెళ్లలో కాన్వాస్ పెట్టినం. ఫొటోని మసకగా చేసి, దాని పైన కొత్త లేయర్ వేసి గీసినం. జుట్టు, చెవులు, ముక్కు, నుదుటి మీది పచ్చబొట్టు ఒక లేయర్. ఇది అన్ని ముఖాలకీ ఒకటే, ముట్టుకోలేదు. కనుబొమ్మలు, కళ్లు, నోరు మాత్రం వేరే లేయర్లలో ఒక్కో ముఖానికి మళ్లీ గీసినం. సెట్టంతా ఒకే మనిషిలా ఉండేది ఇట్లానే. ప్రతి ముఖం మొదటి నుంచి గీస్తే ఆరుగురు అవ్వలు వస్తరు.

నవ్వు దగ్గర చాలాసేపు పట్టింది. పెదాలు ఒక్కటే పైకి వంచితే ఫొటోగ్రాఫర్ చెబితే నవ్వినట్టుంటది. నిజంగా నవ్వితే బుగ్గలు లేస్తయి, కింది రెప్ప పైకొస్తది, కంటి చివర ముడతలు పడతయి. ఆ మూడూ గీసినాకే అవ్వ నవ్వింది. కోపం తేలిక, కనుబొమ్మలు కిందికి దించి దగ్గరికి లాగితే చాలు. ఆశ్చర్యానికి నోరు తెరిస్తే దవడ కూడా దిగుతది కాబట్టి గడ్డం గీతను ఆ ఒక్కదానికి కాస్త కిందికి గీయాలి. లేకపోతే నోటికి రంధ్రం పెట్టినట్టుంటది.

సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే ముఖాలను ఒకదాని తర్వాత ఒకటి గబగబా మార్చి చూడండి. కళ్లూ నోరూ కదలాలి, చెవులూ పచ్చబొట్టూ ఎగరొద్దు. తర్వాత గోరంత సైజుకి తగ్గించి చూడండి, కోపమేదో నవ్వేదో తెలియకపోతే గీత లావు చేయాలి. చివరికి వెనక రంగు లేకుండా సేవ్ చేసినం. స్టిక్కర్ ఒక్కోటి 100 కేబీ దాటొద్దు.

పంపే ముందు ఊరికి పోయి అవ్వకి చూపించినం. ఒకసారి పంపితే ఎవరైనా దాచుకోవచ్చు, ఎక్కడికైనా పంపొచ్చు, మనం వెనక్కి తీసుకోలేం. మన ఆడోళ్ల ముఖాల మీద ఎట్లాంటి జోకులు తిరుగుతయో మీకు తెలుసు. అవ్వ ఐదింటికి నవ్వింది. ఏడుపు ముఖం దగ్గర ఆగి, “ఇది ఎవరికి పంపుతర్రా? తీసెయ్” అన్నది. తీసేసినం. ప్యాక్‌కి మూడున్నా చాలు కాబట్టి ఐదుతోనే పెట్టినం.

ఇప్పుడు ఎక్కువ తిరిగేది కోపం ముఖమే. మాలో ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే ఇంటి నుంచి అదే వస్తది.