జూన్ 1న పుట్టినోళ్లం

మేం ముగ్గురం తెనాలిలో ఒకే గదిలో ఉండి చదువుకుంటున్నాం. ఒకరిది బాపట్ల, ఇద్దరిది రేపల్లె వైపు. ముగ్గురం ఎరుకల పిల్లలమే. మా ముగ్గురి టెన్త్ మెమోల్లోనూ పుట్టిన తేదీ జూన్ 1. ఏళ్లు మాత్రమే తేడా. ఇది చదివేవాళ్లలో కూడా జూన్ 1 వాళ్లు చాలామందే ఉంటారని మాకు తెలుసు.

మాలో బాపట్ల అమ్మాయికి ఇన్‌స్టాలో ఒకబ్బాయి పరిచయమయ్యాడు. పూణేలో ఉద్యోగం. ఏడాదిగా మాట్లాడుకుంటున్నారు, కలిసింది ఒక్కసారే. వాళ్లది మన కులం కాదు. ఇంట్లో చెబితే వాళ్లమ్మ ముందు అడిగింది నక్షత్రం. మన పిల్లకు నక్షత్రం ఎక్కడిది? "డేటాఫ్ బర్త్ పంపు చాలు, ఫోన్‌లో చూసేద్దాం" అన్నాడు. పంపింది: 1-6-2004.

ఆదివారం రేపల్లె పోయే ప్యాసింజర్‌లో కూర్చుని మేమూ అదే పని మొదలుపెట్టాం. సోది చెప్పే అవ్వల మనవరాళ్లం, మనకే ఫోన్ ఎరుక చెప్పాలా అని ఒకటే నవ్వు. అయినా అవ్వ ఏనాడూ ఎవర్నీ పుట్టిన తేదీ అడగలేదు, చెయ్యి పట్టుకుని చెప్పేది.

తేదీ కొట్టాక పుట్టిన టైము అడిగింది. తెలీదు కాబట్టి ఉదయం 6 అని పెట్టాం. స్వాతి నక్షత్రం, తులారాశి, దేవగణం అని వచ్చింది. అబ్బాయిది పుష్యమి, కర్కాటకం, అతనిదీ దేవగణమే. గణాల దగ్గర 6కి 6. ఊరికే చూద్దామని సాయంత్రం 6 పెట్టాం. అదే తేదీ, అదే ఊరు. ఈసారి విశాఖ నక్షత్రం, రాక్షసగణం! గణాల మార్కులు పడిపోయాయి. అబ్బాయి దేవగణం, అమ్మాయి రాక్షసగణం అయితే కొందరు 1 ఇస్తారు, కొందరు సున్నా వేస్తారు. మొత్తం 36కి 18 వస్తే చాలంటారు, అందులో ఐదారు మార్కులు ఒక్క పూటలో పోయాయి.

తప్పు ఫోన్‌ది కాదు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, కానీ ఆ రోజు అర్ధరాత్రి పన్నెండుకే మొదలవ్వాలని ఏం లేదు. అందుకే ఒక తేదీలో మామూలుగా రెండు నక్షత్రాలు పడతాయి. టైము లేకుండా తేదీ ఒక్కటే ఇస్తే, లెక్క ఏదో ఒక టైము తానే అనుకుని ఒక నక్షత్రం చేతిలో పెడుతుంది. దాన్నే మనం జాతకం అనుకుంటాం.

ఇంకోటి కూడా కనబడింది, అది మాకు గుచ్చుకుంది. లిస్టులో మొదటిదే వర్ణం, ఒక మార్కు. కర్కాటకం బ్రాహ్మణ, తుల శూద్ర అని ఉంది. అబ్బాయిది పై వర్ణం అయితే మార్కు ఇస్తారు, అమ్మాయిది పైదైతే సున్నా. ఇది రాశికి పెట్టిన వర్ణమే గాని మన కులం కాదు. అయినా ఆ వరుస మాత్రం మనకు బాగా తెలిసిన వరుసే.

వేమూరు దాటాక అది వాళ్లమ్మకు ఫోన్ చేసింది, "నేను పొద్దున పుట్టానా సాయంత్రమా" అని. స్పీకర్‌లో మేమూ వింటున్నాం.

"చీకటి పడ్డాక పుట్టావమ్మా. నాట్లకు పోయొచ్చాను ఆ రోజు."

జూన్ 1న నాట్లేంటి? కాలవకు నీళ్లే రావు కదా అన్నాం.

"జూనెవరు చెప్పారు? సునామీ వచ్చిందని సూర్యలంక వైపు నుంచి జనం పరిగెత్తుకొచ్చినప్పుడు నువ్వు నా చంకలో ఉన్నావు. మెడ నిలిచింది గాని కూర్చోవడం రాలేదు. బళ్లో వేసినప్పుడు ఐదు నిండలేదంటే మాస్టారే జూను రాసుకున్నాడు."

సునామీ 2004 డిసెంబర్ 26న. జూన్ 1న పుట్టుంటే అప్పటికి దాదాపు ఏడు నెలలు, కూర్చోవాల్సిన పిల్ల. నాట్లంటే ఆగస్టు అనుకున్నా నాలుగు నెలలకు సరిగ్గా కుదురుతుంది. ఆగస్టులో ఏ రోజో అమ్మకు గుర్తు లేదు. ఆ నెల రోజుల్లో చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాలూ తిరిగొస్తాడు. అంటే స్వాతా విశాఖా అని ఇందాకటి నుంచి మేం కొట్టుకున్నదంతా మాస్టారు పుట్టించిన పిల్ల గురించి!

తేదీ తెలీనివాళ్లకు పేరు మొదటి అక్షరంతో నక్షత్రం చూస్తారు, అదన్నా చూద్దాం అంది మాలో ఒకతె. చెప్పుకుంటే సిగ్గు, దాని పేరు కూడా బళ్లో మార్చిందే. ఇంట్లో పిలిచేది వేరే. పెద్దోళ్లయితే ఇవేవీ అడగరు. ఇంటిపేరు అడుగుతారు, సాతుపాడా కావడా మానుపాడా మేండ్రగుత్తా అని అడుగుతారు. ఆ అబ్బాయికి అదీ చెప్పలేం.

భట్టిప్రోలు దగ్గర అది పూణేకి ఫోన్ కలిపింది. "ఆ తేదీ నాది కాదు, మాస్టారు వేసింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత "మరి అమ్మకి ఏం చెప్పను?" అన్నాడు.

"చెప్పాల్సింది నువ్వే కదా" అంది. అతను నక్షత్రం ఏదోటి చెప్పేద్దాం, మంచిది చూసి పెడదాం అన్నాడు. ఇది ఒప్పుకోలేదు. రేపల్లె స్టేషన్‌లో మేం బ్యాగులు దింపుకునే దాకా ఆ మాటే నడుస్తోంది. ఫోన్ చెవి దగ్గరే ఉంది, రెండో చేత్తో బ్యాగు మాకు అందించింది.