అత్తయ్య పట్టుకునే కడ్డీ

కార్తీక మాసంలో తలస్నానం చేసి వస్తూ మా అత్తయ్య బాత్‌రూమ్‌లో జారారు. దెబ్బ పెద్దది కాదు గానీ, ఆ రోజు నుంచి ఆవిడ స్నానానికి వెళ్తే నాకు వంటింట్లో చెయ్యి ఆడేది కాదు. గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ కొన్నాం. రెండు చివరలకీ మూడేసి స్క్రూలు. అంటే టైల్స్‌లో ఆరు రంధ్రాలు.

బిగించడానికి వచ్చినతను గోడకి వాడే బిట్టే పెట్టి, డ్రిల్ హ్యామర్ మోడ్‌లో పెట్టి నొక్కాడు. ఠక్కుమని రంధ్రం దగ్గర నుంచి టైల్ మూల దాకా పగులు. "పాత టైల్స్ అమ్మా, ఇంతే" అని చెయ్యి దులుపుకున్నాడు. అలాంటి టైల్స్ ఇప్పుడు దొరకవు. మిగిలిన పని ఆపించేశాను.

తర్వాత తెలిసింది, తప్పు టైల్‌ది కాదు. హ్యామర్ మోడ్‌లో బిట్ తిరుగుతూనే సుత్తిలా కొడుతుంది. ఇటుక ఆ దెబ్బకి పొడి అవుతుంది, టైల్ మాత్రం గాజులా పగులుతుంది. దాన్ని కొట్టకూడదు, అరగదీయాలి. హార్డ్‌వేర్ షాపులో 10 మిల్లీమీటర్ల డైమండ్ బిట్ తెచ్చాను. చిన్న గొట్టంలా లోపల డొల్లగా ఉంటుంది, అంచున గరుకుగా వజ్రపు పొడి.

పాత టైల్ ముక్క ఒకటి మేడ మీద దొరికితే ముందు దాని మీద నేర్చుకున్నాను. నిటారుగా పెడితే బిట్ సర్రుమని జారిపోయింది. కాస్త వాల్చి మొదలుపెడితే ముందు నెలవంకలా గీత పడుతుంది. ఆ గీతలో నిలదొక్కుకున్నాక మెల్లగా నిటారుగా తేవాలి. రెండో రంధ్రం త్వరగా తేలాలని వేగం పెంచాను, నీళ్ళు పోయలేదు. కాలిన వాసన, పొడి దుమ్ము, బిట్ అంచు నల్లబడింది. అంత వేడికి వజ్రపు పొడి ఊడిపోతుంది, ఆ బిట్ ఇక తెగదు. ఇంకో బిట్ కొనాల్సి వచ్చింది.

మాటల్లో ఇది చెబితే అత్తయ్య నవ్వారు. "గంధం నీళ్ళు లేకుండా సానమీద తీస్తావా?" అన్నారు. నిజమే, ఇదీ అంతే.

ఆదివారం పని మొదలుపెట్టాం. ముందు టైల్స్‌ని వేలితో కొట్టి చూశాను. డొల్లగా మోగిన చోట వెనక సిమెంట్ లేనట్టు, అది వదిలేశాను. పంపులకి తిన్నగా పైనా కిందా గొట్టాలుంటాయి గనుక అటు పోలేదు. టైల్ అంచుకి అంగుళం దూరం ఉంచి గుర్తులు పెట్టాను. తడి చోట కరెంటు తీగ ఉన్న డ్రిల్ వద్దని బ్యాటరీది తెచ్చుకున్నాం, హ్యామర్ ఆపేసి, తక్కువ గేరులో పెట్టాం. మావారు మూతకి చిల్లు పెట్టిన సీసాతో బిట్ అంచున సన్నగా నీళ్ళు పోశారు. నేను గట్టిగా నొక్కకుండా, కొన్ని సెకన్లకోసారి కాస్త వెనక్కి లాగి, నీళ్ళు లోపలికి పోనిచ్చాను. పాలలాంటి తెల్లని నీళ్ళు కారుతుంటే పని సరిగ్గా సాగుతున్నట్టు.

టైల్ దాటగానే శబ్దం మారింది. అక్కడ ఆపి, 8 మిల్లీమీటర్ల గోడ బిట్‌తో, హ్యామర్ లేకుండానే, ఇటుకలోకి వెళ్ళాను. టైల్‌లో రంధ్రం పెద్దది గనుక ఆ బిట్ టైల్‌ని తాకదు. ప్లాస్టిక్ ప్లగ్‌ని కూడా టైల్ దాటి ఇటుకలోకి పూర్తిగా నెట్టాను. అది టైల్‌లోనే ఉండిపోతే స్క్రూ బిగించేటప్పుడు ఉబ్బి, అప్పుడూ పగులుతుంది. చివరికి తడి పోకుండా రంధ్రాల్లో సిలికాన్ పెట్టి కడ్డీ బిగించాం.

ఆ ధైర్యంతో పాత గాజు అరకి కూడా రంధ్రం పెట్టాను. అది మామూలు గాజేనని నిర్ధారించుకున్నాకే సుమా. టఫెన్డ్ గాజైతే బిట్ తాకితే మొత్తం ముక్కలై రాలుతుంది, దానికి ఫ్యాక్టరీలోనే రంధ్రాలు చేయించాలి. చెక్క మీద పరిచి, గుర్తు చుట్టూ చపాతీ పిండితో గట్టు కట్టి నీళ్ళు పోశాను. సగం పైనుంచి, సగం తిరగేసి ఆ వైపు నుంచి. ఒకే వైపు నుంచి దూసుకుపోతే అడుగున పెచ్చు లేస్తుంది. కళ్ళకి అద్దాలు మాత్రం తీయలేదు.

కడ్డీ పట్టుకుని ముందు నేనే నా బరువంతా వేసి వేలాడి చూశాను. కదల్లేదు. మరుసటి ఉదయం అత్తయ్య స్నానానికి వెళ్ళారు. నేను దోసెలు వేస్తూ ఆ వైపు చెవి పెట్టడం మర్చిపోయాను. పగిలిన టైల్ అలాగే ఉంది, దాని మీద సబ్బు పెట్టె తగిలించాం.