ఫోటో ఉన్నా పంపం

మేం ఆరో తరగతిలో గురుకులంలో చేరిన ఏడాది, దసరా సెలవులయ్యాక పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. మా అమ్మానాన్నలు వెనకాల నేలమీద కూర్చుంటే ప్రిన్సిపాల్ మేడం "ముందుకు రండమ్మా, కుర్చీలు మీకోసమే" అన్నారు. అందరూ టీ తాగాకే రూల్స్ మొదలుపెట్టారు.

"ఔట్‌పాస్ రిజిస్టర్‌లో ఫోటో ఉన్నవాళ్లతోనే పిల్లల్ని పంపిస్తాం. ఫోన్ చేసి చెప్పినా పంపం."

మాలో ఒకమ్మాయి వాళ్ల నాన్న లేచాడు. "కొత్తల పండక్కి మా బావమరిది వస్తే తిప్పి పంపేశారు. కొండ దిగి నడిచొచ్చాడు మేడం."

"అన్నం పెట్టే పంపాం. అంతదూరం నడిచొచ్చాడని మాకూ బాధేసింది. కానీ రేపు ఇంకెవడో మేనమామనని వస్తే పంపెయ్యమంటారా?"

ఎవరూ మాట్లాడలేదు.

"చేర్చుకున్నప్పుడు అమ్మానాన్నల ఫోటోలే అడిగాం, అది మా తప్పే. మీరు నమ్మే ఇంకో ఇద్దరివి ఇవ్వండి. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. కానీ ఎవరొచ్చినా పిల్లని పిలిచి అడుగుతాం. వెళ్లనంటే, ఫోటో ఉన్నా పంపం."

ఆ చివరి మాట మాకప్పుడు అర్థం కాలేదు. తొమ్మిదిలో ఉండగా మాలో ఒకమ్మాయిని పెళ్లిచూపులకని తీసుకెళ్లడానికి ఇంటోళ్లే వచ్చారు. రిజిస్టర్‌లో వాళ్ల ఫోటోలున్నాయి. మేడం దాన్ని పిలిచి అడిగారు. వెళ్లనంది. పంపలేదు.