వేడి మీద చల్లని పాకం

థెస్సలొనీకి నగరం నడిబొడ్డు నుంచి సముద్రం వెంబడి ఆగ్నేయానికి వెళ్తే కలమరియా వస్తుంది. 1922లో గ్రీకు సైన్యం ఆసియా మైనర్‌లో ఓడిపోయింది. మరుసటి ఏడు గ్రీసు, టర్కీ జనాన్ని మార్చుకునేందుకు లోజాన్‌లో ఒప్పందం రాసుకున్నాయి. అటువైపు నుంచి వచ్చిన గ్రీకు కాందిశీకులు స్థిరపడ్డ పేటల్లో ఇదొకటి. బక్లావా గ్రీసుకి అప్పటికే తెలుసు గానీ, వచ్చినవాళ్ళ ఇళ్ళలో దానికి ఉన్న పట్టింపు వేరు. ఆ పట్టింపు ఇంకా నడుస్తున్న చిన్న వంటశాల ఒకటి సందులో ఉందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను.

ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని. యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. ఆవిడ గ్రీకులో చెప్తుంటే కూతురు ఇంగ్లీషులోకి మార్చి నాకు చెప్పేది. నేను రాగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “బయట గాలి ఎటు నుంచి వీస్తోంది?” అని. కబుర్లకి అడిగింది కాదు. ఉత్తరం నుంచి వర్దారిస్ అనే పొడిగాలి ఈ ఊరి మీదికి వీస్తుంది. అది వీచే రోజు కట్ట విప్పిన నిమిషాల్లోనే పిండి ఆకులు పెళుసెక్కి ముక్కలవుతాయి. సముద్రం మీది గాలైతే తేమకి ఒకదానికొకటి అంటుకుంటాయి. బక్లావా పని మొత్తం నీటి లెక్కేనని ఆ పూటంతా అక్కడ నిలబడ్డాక నాకు అర్థమైంది. నీరు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు, ఎప్పుడు లోపలికి రావాలి అన్నదే ప్రతి మెట్టులోనూ చూసుకుంటున్నారు.

ఫిల్లో ఆకుల్ని వీళ్ళు చెయ్యరు, వాటినే చేసే మరో చోట నుంచి తెప్పిస్తారు. మైదాపిండి, నీళ్ళు, ఉప్పు, కాస్త నూనె కలిపి నాననిచ్చి, అవతలి వేలు కనిపించేంత పల్చగా సాగదీసిన ఆకులవి. ఆ రోజు తీసిన కట్ట అర కిలోది. గడ్డకట్టించిన కట్టైతే రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంచి, విప్పకుండా మెత్తబడనివ్వాలి. తొందరపడి బయట పెడితే చల్లని ఆకుల మీద గాలిలోని తేమ చేరి అంచులు జిగురైపోతాయి, ఇక వాటిని విడదీయలేం. ఆవిడ కట్ట విప్పి, ఆకుల్ని ట్రే కొలతకి సగానికి కోసింది. ఇరవై నాలుగు వచ్చాయి. వాటి మీద ముందు పొడి గుడ్డ, దాని మీద గట్టిగా పిండిన తడి గుడ్డ కప్పింది. తడి గుడ్డ నేరుగా ఆకుకి తగలకూడదట.

తర్వాత వెన్న. గొర్రెపాలు, మేకపాలు కలిపి తీసినది, వాసనే చెప్తుంది. మామూలు వెన్నలో సుమారు 80 శాతమే కొవ్వు. మిగిలినదాంట్లో ఎక్కువ నీరు, కొంచెం పాలపదార్థం. ఆ నీరు ఆకుల్ని కలిపి అతికించేస్తుంది, పాలపదార్థం ఓవెన్లో మాడి నల్లచుక్కలు వేస్తుంది. అందుకని 300 గ్రాముల వెన్నని సన్నసెగ మీద కరిగించి, పైన తేలిన నురగ తీసేసి, తేటని మాత్రం మెల్లగా వంచుకుంది. అడుగున తెల్లగా నిలిచిన విరుగుని గిన్నెలోనే వదిలేసింది. మనం నెయ్యి కాచినట్టు గోకుడు ఎర్రబడేదాకా ఆగదు. అది ఎర్రబడితే నెయ్యికి వచ్చే వాసన లవంగం వాసనని కప్పేస్తుందని ఆవిడ అభిప్రాయం. చివరికి చేతికి వచ్చిన తేట 240 గ్రాముల దాకా ఉంది.

పేర్చడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. కింద తొమ్మిది ఆకులు, వాటిపైన వాల్‌నట్ పలుకుల్లో మూడో వంతు, మళ్ళీ మూడు ఆకులు, ఇంకో వంతు, మూడు ఆకులు, చివరి వంతు, పైన తొమ్మిది. అర కిలో పలుకుల్ని బరకగానే దంచి, దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగం పొడి కలిపారు. మెత్తగా దంచితే పలుకు నూనె వదిలి ముద్దవుతుంది, పాకం దిగడానికి సందుండదు.

కుంచె వాడకం నేను అనుకున్నట్టు లేదు. గోడకి సున్నం వేసినట్టు నిండా పుయ్యదు. కుంచెని వెన్నలో ముంచి, ముందు నాలుగు అంచుల వెంబడి తడుపుతుంది, ఎందుకంటే ముందుగా ఎండి చిట్లేది అంచే. తర్వాత నడిమి భాగం మీద అక్కడక్కడ అద్దుతుంది, కొన్నిచోట్ల చిలకరిస్తుంది. ఆకు ఎక్కడైనా కుంచెకి లేస్తే అక్కడ నొక్కదు, వదిలేస్తుంది. ఒక్కో ఆకుకి చెంచాన్నర మించదు. చేత్తో అదిమి సదరబోయిన పనివాడిని వెంటనే ఆపింది. ఆకు మీద ముడతలున్నచోట గాలి నిలుస్తుంది, ఓవెన్లో ఆ గాలే పొరల్ని విడదీస్తుంది. వెన్న చేసే పని ఒక పొర ఇంకో పొరతో కలిసిపోకుండా అడ్డుపడటం. తాపేశ్వరం మడతకాజాలో పొరల మధ్య నెయ్యి రాసేదీ ఇందుకే. కాకపోతే అక్కడ మడత పడేది పిండి, ఇక్కడ విడి ఆకులు.

నిండిన ట్రేని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టారు. వెన్న గట్టిపడితేనే కత్తి కింద ఆకులు జరగవు. తర్వాత పదునైన కత్తితో డైమండ్ ఆకారంలో అడుగుదాకా కోసి, ఒక్కో ముక్కకి ఒక లవంగం గుచ్చింది. కాల్చాక కోస్తే పైపొర పొడిపొడిగా రాలిపోతుంది, పాకం దిగడానికి దారీ ఉండదు. మిగిలిన వెన్నని వేడి చేసి ఆ గీతల వెంబడి పోసింది. అప్పుడు, అంతసేపూ నీటిని దూరంగా పెట్టిన మనిషి, చెయ్యి నీళ్ళలో ముంచి ట్రే అంతటా చిలకరించింది. నేను కనుబొమలు ఎత్తడం చూసి కూతురు నవ్వింది. ఆ చుక్కలతో పై ఆకులు కాస్త బరువెక్కి, ఓవెన్ వేడికి పైకి చుట్టుకుపోకుండా పడుంటాయి. వాటిలోని నీరు కాసేపట్లో ఆవిరైపోతుంది.

ఓవెన్ 160 డిగ్రీలు, గంటంపావు. అంత నెమ్మది ఎందుకంటే మధ్య ఆకులు కూడా పూర్తిగా పొడిబారాలి. 190కి పెంచితే అరగంటలో పైన బంగారు రంగు వచ్చేస్తుంది, అడుగు మాత్రం తెల్లగా పిండిలా ఉంటుంది. పొద్దున పనివాడు కాల్చిన ట్రే సరిగ్గా అలాగే వచ్చింది. పైకి చూస్తే నాకు తప్పేమీ కనిపించలేదు. ఆవిడ మూల ముక్క కింద కత్తి మొన దూర్చి కాస్త ఎత్తి చూపింది. అడుగు ఆకు పాలిపోయి, ఇంకా వంగుతోంది. దాని మీద పాకం పోస్తే అది పీల్చుకోదు, నానిపోతుంది. ట్రేకి పైన రేకు కప్పి, ఓవెన్ అడుగుకి ఆనించి ఇంకో పావుగంట ఉంచింది. ఈసారి మొన తగిలితే అడుగు టకటకమంది. పాకం పోశాక అయితే ఈ తప్పుకి మందు లేదు.

పాకం పొద్దున్నే కాచి చల్లార్చి పెట్టారు. పంచదార 600 గ్రాములు, నీళ్ళు 400, దాల్చినచెక్క, నిమ్మతొక్క. మరగడం మొదలయ్యాక ఐదారు నిమిషాలు, గరిటె పెట్టకుండా. మనం తీగపాకం అనేదానికి కాస్త ముందే దించేశారు, వేళ్ళ మధ్య జిగురుగా ఉంటుంది గానీ తీగ సాగదు. మరుగుతుండగా పిండిన నిమ్మరసం వల్ల పంచదారలో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోతుంది. అందుకే వారం తర్వాత కూడా పాకం గరుకుగా పలుకుకట్టదు. తేనె 150 గ్రాములు దించాకే కలిపారు, మరిగిస్తే దాని వాసన పోతుంది.

ట్రే బయటికి రాగానే గరిటెతో పోయడం మొదలైంది, గీతల వెంబడి, ఒక మూల నుంచి ఇంకో మూలకి, నిదానంగా. వేడి ఆకు మీద పడగానే చిటచిటమంది. ఆ చప్పుడు పాకంలోని నీరు కొంత ఆవిరైపోవడమే. ఆవిడ దాన్ని వింటూ పోసింది, చప్పుడు తగ్గినచోట ఆగి వేరేచోటికి వెళ్ళింది. చల్లని పాకం చిక్కగా ఉంటుంది. వేడి పొరకి తగిలినచోట పల్చబడి సందుల్లోకి దిగుతుంది. ట్రే చల్లారేకొద్దీ మళ్ళీ చిక్కబడి, వెన్న పూసుకున్న ఆకుల మధ్యే నిలిచిపోతుంది. రెండూ వేడిగా ఉంటే ఈ లేతపాకం పల్చగా ఒక్కసారిగా పిండిలోకి ఇంకిపోతుంది, ట్రే చాలాసేపు ఆవిరి పట్టి ఆకు మెత్తబడుతుంది. రెండూ చల్లగా ఉంటే పైన జిడ్డుగా నిలిచి, మిగిలింది అంచుల నుంచి జారి అడుగున మడుగు కడుతుంది. పోసిన వెంటనే మూత పెట్టకూడదు, మూతకి పట్టిన ఆవిరి నీరై మళ్ళీ ఆకు మీదే పడుతుంది. రాత్రంతా తెరిచే ఉంచుతారు.

మరి టర్కీలోని గాజియాంతెప్‌లో ఓవెన్ నుంచి తీసిన బక్లావా మీద మరుగుతున్న పాకమే పోస్తారు కదా అని అడిగాను. 2013లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఇచ్చిన బక్లావా అది, అల్లాటప్పా పని కాదు. ఆవిడకి ఆ ప్రశ్న కొత్త కాదు. “వాళ్ళ ఆకు నా ఆకులో సగం మందం ఉండదు. దాన్ని ఎండేదాకా కాలుస్తారు, పోసిన పాకంలో నీరు అక్కడే ఎగిరిపోతుంది. వాళ్ళ లెక్క వాళ్ళకి సరే. ఒక ఊరి ఆకు మీద ఇంకో ఊరి పాకం పొయ్యకండి, అంతే,” అంది.

పొట్లం కట్టిస్తూ మా విశాఖ గాలి సంగతి చెప్పాను. బాగా చల్లారేదాకా తెరిచి ఉంచి, తర్వాత బిగుతైన డబ్బాలో పెట్టమంది. ఫ్రిజ్ వద్దంది, అందులో వెన్న పేరుకుని నోట్లో మైనంలా తగులుతుంది. బయటే వారం దాకా ఉంటుందట. ఇంట్లో చేసుకునేటట్టయితే వానాకాలం కాల్చే సమయం ఇంకో పది నిమిషాలు పెంచమని, ఎంత పెంచినా మూల ముక్క ఎత్తి అడుగు చూడకుండా పాకం గరిటె ముట్టుకోవద్దని చెప్పింది.