జలుబుకు రోజులు లెక్కపెట్టాలి

మా ఇంట్లో ఎవరికి జలుబు చేసినా క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుడతాను. చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ వాడాలని మా ఊళ్ళో చాలామంది అంటారు. కాని రంగును బట్టి ఏమీ తేలదు. మామూలు వైరస్ జలుబులోనూ కొన్ని రోజులకు చీమిడి చిక్కబడి పచ్చగా మారుతుంది.

డాక్టర్లు చూసేది రోజులను. వైరస్ జలుబు మూడు నుండి ఐదు రోజుల్లో ముదిరి, ఆపైన తగ్గుముఖం పడుతుంది. 10 రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే, ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే సైనస్ గదుల్లో బాక్టీరియా చేరిందని అనుమానిస్తారు. ఐదారు రోజులకు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా అదే అనుమానం. మొదటినుండే 102 డిగ్రీల జ్వరంతోపాటు చీములాంటి చీమిడో, ముఖం నొప్పో వరుసగా మూడు నాలుగు రోజులుంటే పదో రోజు దాకా ఆగనక్కరలేదు.

మా చెల్లెలికి 1వ తేదీన జలుబు చేసింది. 6వ తేదీకి తేలికపడి పొలానికి వెళ్ళింది. 7వ తేదీ రాత్రి మళ్ళీ జ్వరం, ఒక చెంపలో నొప్పి, వంగితే ముఖమంతా బరువు. డాక్టరుగారు తేదీలన్నీ అడిగి యాంటీబయాటిక్ రాశారు. అదే వారం మా అబ్బాయికీ పచ్చ చీమిడే. కాని ఎనిమిదో రోజుకు తగ్గుతూ వస్తోంది గనుక వాడికి రాయలేదు. వైరస్ మీద ఆ మందు పనిచేయదన్నారు.

అయితే కంటి చుట్టూ వాచినా, చూపు మసకబారినా, మెడ బిగుసుకున్నా రోజులు లెక్కపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.